భద్రాచలంలో రైల్వే స్టేషన్ ఉందా? డిస్క్రిప్షన్‌లో ప్రశ్న రాస్తే ఏమవుతుంది

రైలు టికెట్ మీద ‘భద్రాచలం రోడ్’ అని ఉంటుంది. దిగేది మాత్రం కొత్తగూడెంలో. రాములవారి గుడి అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరాన, గోదావరి అవతలి ఒడ్డున ఉంది. పాల్వంచలోనో సారపాకలోనో ఎవరినడిగినా స్టేషన్ అంటే కొత్తగూడెమే. అందరికీ తెలిసిన సంగతి గనుక అక్కడివాళ్లెవరూ దాన్ని పనిగట్టుకుని చెప్పరు. యాత్ర వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టే కుర్రాడు కూడా కింద డిస్క్రిప్షన్‌లో ఆ మాట రాయడు. రాయాలని అతనికి తట్టదు.

మొదటిసారి వచ్చేవాడికి కావలసింది సరిగ్గా ఆ మాటే. షోలాపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఒకటి నవమికి బయల్దేరుతుంది. ఫోను చేతిలోకి తీసుకుని, ‘భద్రాచలంలో రైల్వే స్టేషన్ ఉందా?’ అని అడుగుతుంది. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషల్లో మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెచ్చింది. అప్పటినుంచి ఇలా నిండు వాక్యంతో అడగడం మరీ తేలికైంది. వేళ్లతో కొట్టేవాడు ‘భద్రాచలం స్టేషన్’ అని రెండు ముక్కల్లో ఆపేస్తాడు. నోటితో అడిగేవాడు ‘ఉందా’, ‘ఎక్కడ దిగాలి’, ‘ఎంత దూరం’ అంటూ మనిషిని అడిగినట్టే అడుగుతాడు. మన కుర్రాడి వీడియోలో జవాబు ఉంది. అతను కొత్తగూడెంలో దిగి బస్సెక్కడం కెమెరాలో కనిపిస్తూనే ఉంది. అయినా ఆ ప్రశ్నకు ఆ వీడియో దొరకదు. అడిగిన మాటలు వేరు, రాసిన మాటలు వేరు.

వెతుకులాట శాస్త్రంలో ఇది పాత చిక్కే. 1987లో అమెరికాలో జార్జ్ ఫర్నాస్, ఆయన సహచరులు దీన్ని కొలిచి చూశారు. ఏ వస్తువునైనా ఏమని పిలుస్తారని మనుషులను అడిగితే, ఇద్దరు ఒకే మాట ఎంచుకునే అవకాశం 20 శాతం కూడా లేదని తేలింది. వస్తువును బాగా తెలిసినవాడు పెట్టిన పేరైతే అందరికీ తడుతుందనుకోవడం కూడా తప్పేనని వాళ్లు చూపించారు. వాళ్లు చెప్పిన మందు సూటిగా ఉంది. ఒక్క మంచి పేరు కోసం తంటాలు పడకండి, జనం ఎన్ని మాటలతో వెతుకుతారో అన్ని మాటలనూ ఆ వస్తువుకు తగిలించండి అన్నారు. డిస్క్రిప్షన్‌లో నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు రాయడమనే పని ఆ సలహాకు ఇప్పటి రూపం.

మాటలు తగిలిస్తే యంత్రానికి ఏం ఒరుగుతుంది? సెర్చి యంత్రం లోపల ఒక పెద్ద సూచిక ఉంటుంది. పాఠ్యపుస్తకం చివర పదాలూ వాటి పేజీ నంబర్లూ ఉన్నట్టే, ఇక్కడ ప్రతి మాటకూ అది కనిపించే పత్రాల జాబితా ఉంటుంది. మీరు అడిగిన మాటలున్న పత్రాలను యంత్రం ముందు పోగేస్తుంది, ఆ తర్వాత వరుసలో పెడుతుంది. వరుస పెట్టేటప్పుడు అన్ని మాటలకూ ఒకే విలువ ఇవ్వదు. అరుదైన మాటకే బరువెక్కువ అన్న సూత్రాన్ని కేరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించింది. భద్రాచలం వీడియోలన్నిటిలోనూ ‘భద్రాచలం’ అన్న మాట ఉంటుంది కాబట్టి, వాటిలో ఒకదాన్ని మరొకదాని నుంచి వేరు చేయడానికి అది పనికిరాదు. ‘స్టేషన్’, ‘కొత్తగూడెం’, ‘దిగాలి’ లాంటివి పనికొస్తాయి. పైగా ఈ సూత్రం మీద తర్వాత కట్టిన లెక్కల్లో ఒక మాట రెండోసారి, మూడోసారి వచ్చేకొద్దీ అదనంగా వచ్చే విలువ తగ్గిపోతుంది. డిస్క్రిప్షన్ అడుగున ‘భద్రాచలం, భద్రాచలం గుడి, భద్రాచలం టూర్’ అని పాతికసార్లు అతికించేవాళ్ల శ్రమ అందుకే వృథా. హ్యాష్‌ట్యాగులకైతే యూట్యూబ్ నియమమే ఉంది. ఒక వీడియోకు 60 దాటితే అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది.

తెలుగులో ఇంకో మెలిక ఉంది. మనం మాటకు ప్రత్యయం అతికిస్తాం. భద్రాచలం, భద్రాచలంలో, భద్రాచలానికి అన్నవి మనకు ఒకే ఊరు. అక్షరాలను మాత్రమే పోల్చే యంత్రానికి మూడు వేర్వేరు మాటలు. ‘హైదరాబాద్ నుంచి భద్రాచలం’, ‘భద్రాచలం నుంచి హైదరాబాద్’ అన్నవి మనకు ఎదురెదురు దిక్కులు. మాటలను విడివిడిగా లెక్కపెట్టే యంత్రానికి రెండూ ఒకటే మూట. వాక్యంలో మాటల వరుసను, పొందికను చూసి అర్థం పట్టే బెర్ట్ అనే నమూనాను గూగుల్ 2019 అక్టోబరులో ఇంగ్లిష్ వెతుకులాటలో ప్రవేశపెట్టింది. అదే డిసెంబరులో తెలుగు సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. దాంతో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. అయితే అర్థం పట్టే యంత్రానికైనా అర్థం పట్టడానికి ఒక వాక్యం కావాలి. ప్రశ్నగా రాసిన వాక్యంలో ‘భద్రాచలంలో’, ‘భద్రాచలానికి’ లాంటి రూపాలు వాటంతటవే వస్తాయి. ట్యాగుల చిట్టాలో రావు.

ప్రశ్నలు చేర్చడం నిజంగా పనిచేస్తుందని చూపిన ప్రయోగం 2019లో జరిగింది. రోడ్రిగో నోగైరా, జిమ్మీ లిన్, మరో ఇద్దరు పరిశోధకులు డాక్‌టుక్వెరీ అనే పద్ధతి తయారుచేశారు. ఒక పేరా ఇస్తే, దానికి జనం ఏ ప్రశ్నలు వేయవచ్చో ఊహించి రాసే నమూనా అది. అలా ఊహించిన ప్రశ్నలను ఆ పేరాకే తోకలా అతికించి, ఆ తర్వాత సూచిక కట్టారు. పరీక్షకు వాడినవి మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన 88 లక్షల పేరాలు, బింగ్‌లో జనం నిజంగా అడిగిన ప్రశ్నలు. మొదటి పది ఫలితాల్లో సరైన జవాబు ఎంత పైన వచ్చిందో కొలిచే మార్కు ఒకటుంది. పాత పద్ధతికి అది 100కు 18.4 వస్తే, ప్రశ్నలు అతికించాక మెరుగుపరిచిన కూర్పులో 27.7కు చేరింది. వరుస కట్టే సూత్రం ఏమీ మారలేదు, మారింది పత్రమొక్కటే. ఊహించిన ప్రశ్నల్లోని మాటల్లో సుమారు మూడో వంతు అసలు పేరాలో లేనివే. మిగతా రెండొంతులు పేరాలోవే అయినా, వాటిలో ముఖ్యమైనవేవో ప్రశ్న ఎత్తి చూపుతుంది. ఈ రెండు పనులూ కలిస్తేనే పూర్తి లాభం వచ్చింది.

ఆ ప్రయోగంలో యంత్రం ఊహించిన పనిని డిస్క్రిప్షన్ రాసే మనిషి తన చేత్తో చేయగలడు, యంత్రం కన్నా బాగా కూడా. ఎందుకంటే అడిగేవాళ్లు అతనికి ఎదురుగానే ఉంటారు. సాధన కోసం ఒక వీడియోను ఊహించుకుందాం. రైలు దిగడం, బస్సు, గోదావరి స్నానం, దర్శనం, పర్ణశాల, తిరుగు ప్రయాణం అందులో ఉన్నాయి. డిస్క్రిప్షన్ ఇలా ఉంది:

జై శ్రీరామ్! ఈ వీడియోలో మా భద్రాచలం ప్రయాణం చూడండి. పొద్దున్నే బండి దిగి, బస్సెక్కి, గోదావరిలో మునిగి, స్వామి దర్శనం చేసుకున్నాం. అక్కడి నుంచి పర్ణశాల వెళ్లాం. నచ్చితే లైక్ చేయండి, షేర్ చేయండి, సబ్‌స్క్రైబ్ చేసుకోండి.

తెలుగుగా దీనికి వంక పెట్టలేం. వెతికేవాడి కోణంలో మాత్రం ఇందులో స్టేషన్ లేదు, కొత్తగూడెం లేదు, దూరం లేదు, జిల్లా లేదు. ‘బండి’ అంటే రైలని మనకు తెలుసు, యంత్రానికి అది ఎడ్లబండి కూడా కావచ్చు. దీన్ని చెరపనక్కర్లేదు, దీని కింద ఈ నాలుగు జతలు చేరిస్తే చాలు:

ప్రశ్న: భద్రాచలంలో రైల్వే స్టేషన్ ఉందా?
జవాబు: భద్రాచలం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు. భద్రాచలం రోడ్ స్టేషన్, కోడ్ BDCR, కొత్తగూడెంలో ఉంది. కొత్తగూడెం నుంచి భద్రాచలానికి సుమారు 40 కిలోమీటర్లు, ఆర్టీసీ బస్సులు ఉన్నాయి.

ప్రశ్న: భద్రాచలం ఏ జిల్లాలో ఉంది? తెలంగాణా, ఆంధ్రానా?
జవాబు: భద్రాచలం తెలంగాణలో, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది.

ప్రశ్న: భద్రాచలం నుంచి పర్ణశాల ఎంత దూరం?
జవాబు: భద్రాచలం నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు. పర్ణశాల దుమ్ముగూడెం మండలంలో, తెలంగాణలోనే ఉంది.

ప్రశ్న: వరదలప్పుడు భద్రాచలం వెళ్లొచ్చా?
జవాబు: భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. జూలై, ఆగస్టుల్లో బయల్దేరే ముందు ఆ రోజు నీటిమట్టం చూసుకోండి.

మొదటి జతను కాస్త ఆగి చూడండి. జవాబులో ‘భద్రాచలం పట్టణంలో రైల్వే స్టేషన్ లేదు’ అని ప్రశ్నలోని మాటలన్నీ మళ్లీ వచ్చాయి. ‘లేదు, అది అక్కడ ఉంది’ అని రాస్తే చదివేవాడికి చాలు. కానీ గూగుల్ 2020లో ప్రకటించి 2021 ఫిబ్రవరిలో మొదట అమెరికా ఇంగ్లిష్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో, పెద్ద పేజీలోని ఒక్క పేరాను కూడా విడిగా తూకం వేస్తారు. పేరాను విడిగా తీసి చూస్తే ‘అది’, ‘అక్కడ’ అనే సర్వనామాలకు ఆధారం పోతుంది. జవాబును ఒంటరిగా కత్తిరించి ఎవరికైనా వాట్సాప్‌లో పంపితే అర్థం కావాలి. రాసినవాడు దీన్ని ఇంట్లో కూర్చునే పరీక్షించుకోవచ్చు.

రెండో జతలో పాత జిల్లా పేరు ఊరికే రాలేదు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటే తెలంగాణకు మిగిలింది. 2016లో జిల్లా మళ్లీ మారింది. ఇన్ని మార్పుల వల్ల ‘ఖమ్మం జిల్లా భద్రాచలం’ అని వెతికేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. గుడి దాటి కొంచెం ముందుకు పోతే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. అడవి అంచున ఆ రోడ్డు మీద వెళ్లేవాడికి రాష్ట్రం ఎప్పుడు మారిందో బోర్డు చూస్తే తప్ప తెలియదు. పాత పేరు, కొత్త పేరు రెండూ జవాబులో ఉంటే రెండు పేర్లతో వెతికేవాళ్లకూ వీడియో దొరుకుతుంది, చదివినవాడికి సమాచారమూ సరిగ్గా ఉంటుంది.

పై జాబితాలో పాపికొండల పడవ ప్రశ్న లేదని గమనించే ఉంటారు. భద్రాచలం వైపు నుంచి పోచవరం దగ్గర పడవ ఎక్కాలని, ఆ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో ఉందని రాయడం సులువే, దాన్ని వెతికేవాళ్లూ ఎక్కువే. కానీ మనం ఊహించుకున్న వీడియోలో పడవ లేదు. పడవ కోసం వచ్చినవాడు అర నిమిషంలో వెళ్లిపోతాడు. యూట్యూబ్ తన వెతుకులాట గురించి బయటికి చెప్పిన వివరణలో శీర్షిక, ట్యాగులు, డిస్క్రిప్షన్, వీడియోలోని విషయం అడిగిన మాటలతో ఎంత సరిపోయాయో చూస్తామంది. దానితో పాటు, ఆ ప్రశ్నతో వచ్చినవాళ్లు ఎంతసేపు చూశారన్నదీ చూస్తామంది. కాబట్టి వీడియోలో లేని జవాబు ముందు జనాన్ని తెస్తుంది, తర్వాత వీడియోను కిందికి తోస్తుంది. నా మట్టుకు ఇదే అసలు నియమం: వీడియోలో ఎక్కడ కనిపిస్తుందో నిమిషం, సెకను వేసి చూపించలేని జవాబును కింద రాయకూడదు. చూపించగలిగితే ఆ సమయాన్ని జవాబు పక్కనే వేయండి, నొక్కినవాడు నేరుగా అక్కడికే వెళ్తాడు. ఆ లెక్కన పై నాలుగో జత కూడా వీడియోలో గోదావరి నీటిమట్టం గురించి ఒక ముక్క మాట్లాడి ఉంటేనే నిలబడుతుంది.

ఆ నాలుగో ప్రశ్నలో మరో జాగ్రత్త దాగి ఉంది. ‘ఇప్పుడు గోదావరి ఎన్ని అడుగులు?’ అన్న ప్రశ్నకు డిస్క్రిప్షన్ ఎన్నటికీ జవాబు చెప్పలేదు. పొద్దున రాసింది సాయంత్రానికి అబద్ధమవుతుంది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది, 1986 ఆగస్టులో 75.6 అడుగులకు వెళ్లింది. ఇలాంటి చోట మారే అంకెను వదిలి, మారని గీతలను రాయాలి. 43, 48, 53 అనేవి అలాంటి గీతలు. టికెట్ ధరలు, బస్సు వేళలు, దర్శన సమయాలు మారే రకం. పాపికొండల విహారం కూడా అంతే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగాక విహార పడవలు చాలాకాలం ఆగిపోయాయి. ఆ రోజుల్లో ‘రోజూ పడవలున్నాయి’ అని మిగిలిపోయిన పాత డిస్క్రిప్షన్లు ఎంతమందిని ఒడ్డుదాకా తీసుకెళ్లి వెనక్కి పంపాయో.

స్టేషన్ జవాబైనా శాశ్వతం కాదు. ఒడిశాలోని మల్కాన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్ల కొత్త రైలు మార్గానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. ఆ పట్టాల మీద ప్రయాణికుల రైలు నడిచిన రోజున ‘లేదు’ అన్న మాటను తీసేయాలి. ప్రశ్న రూపంలో రాసిన దానికున్న సౌకర్యం ఏమిటంటే, తప్పైన ముక్క ఎక్కడుందో వెంటనే కనబడుతుంది. కథనంలో కలిసిపోయిన వాక్యాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

ప్రశ్నలు ఎక్కడ దొరుకుతాయి? సెర్చి పెట్టెలో ‘భద్రాచలం’ అని కొట్టి ఆగితే కింద సూచనలు పడతాయి, అవి జనం అడిగినవే. తెలుగు లిపిలో ఒకసారి, bhadrachalam ki train అని ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి చూడండి. రెండు జాబితాలూ ఒకేలా ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేవాళ్ల కోసం ఊరి పేరు, స్టేషన్ పేరు ఒక్కసారి Bhadrachalam Road అని రాస్తే సరిపోతుంది, ప్రశ్నలన్నీ రెండు లిపుల్లో రాయనక్కర్లేదు. వీడియో కింద వ్యాఖ్యల్లో ‘అన్నా, ఎక్కడ దిగాలి?’ అని అడిగినవాళ్లది ఇంకా మంచి ముడిసరుకు. అన్నిటికన్నా నమ్మకమైనది కొత్తగూడెం బస్టాండులో భద్రాచలం బస్సు కండక్టరు. రోజంతా ఆయన చెవిలో పడే ప్రశ్నలు నాలుగైదుకు మించి ఉండవు, మీక్కావలసినవీ అన్నే.

అంతకు మించి రాయాలనే ఆశ పుడుతుంది. డిస్క్రిప్షన్‌కు 5,000 అక్షరాల దాకా చోటుంది కదా అని ముప్పై ప్రశ్నలు నింపేవాళ్లున్నారు. ఈ అత్యాశ ఫలితం వెబ్‌సైట్ల వాళ్లు ఇప్పటికే చూశారు. 2019లో గూగుల్, పేజీలోని ప్రశ్న జవాబులను ప్రత్యేక గుర్తులతో రాస్తే ఫలితాల్లోనే విప్పి చూపించే ఏర్పాటు చేసింది. అక్కర ఉన్నా లేకున్నా ప్రతి పేజీ కిందా ప్రశ్నల తోక మొలిచింది. 2023 ఆగస్టులో ఆ ప్రదర్శనను పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు తప్ప మిగతావాళ్లకు ఆపేసింది. పోయింది ప్రదర్శన మాత్రమే, మాటలు కలవడం వల్ల వచ్చే లాభం అలాగే ఉంది. డిస్క్రిప్షన్‌లో మొదటి రెండు మూడు వరుసలే విప్పకుండా కనిపిస్తాయి కాబట్టి, జైకారం కన్నా ముందు వీడియోలో ఏముందో అక్కడ చెప్పడం మేలు. రాముడు ఏమీ అనుకోడు. ప్రశ్నలు ఆ కిందే ఉండాలి.

ఇదంతా చేశాక పనిచేసిందో లేదో చూడాలి. యూట్యూబ్ స్టూడియోలో అనలిటిక్స్ తెరిచి, చూపరులు ఎక్కడి నుంచి వచ్చారన్న పట్టికలో ‘YouTube search’ మీద నొక్కితే, ఏ మాటలతో వెతికి వచ్చారో జాబితా వస్తుంది. అక్కడ ‘స్టేషన్’, ‘ఎంత దూరం’, ‘railway station’ లాంటి మాటలు ఇదివరకు లేనివి కొత్తగా కనిపిస్తే మీ జతలు పట్టినట్టే. మొత్తం వ్యూలు పెరిగాయని మాత్రం సంబరపడకండి. భద్రాచలం వెతుకులాటకు ఋతువులున్నాయి. శ్రీరామనవమి కల్యాణానికి ముందు, ముక్కోటి ఏకాదశి తెప్పోత్సవానికి ముందు, గోదావరి పొంగినప్పుడు ప్రతి పాత వీడియోకూ జనం వస్తారు. నవమికి వారం ముందు డిస్క్రిప్షన్ మార్చి, పెరిగిన అంకెను మీ ప్రశ్నల ఖాతాలో వేసుకుంటే లెక్క తప్పుతుంది. మార్చిన తేదీ రాసి పెట్టుకోండి. పండగా వరదా లేని రెండు నెలలు ఎంచుకుని, కిందటి ఏడాది అవే నెలల్లో వెతికి వచ్చిన మాటల జాబితాతో పోల్చి చూడండి.